‘ఒక్క నిమిషం’ అనడం ఎలా: ఆస్పత్రిలో, కోర్టులో దుబాసీ మాటను ఎక్కడ ఆపాలి, ఏమని అడగాలి

“మళ్ళీ చెప్పండి” అని అడగ్గానే ఎదుటి మనిషికి ముందుగా తోచేది ‘నేనేదో తప్పు చెప్పానేమో’ అని. ఆస్పత్రిలో పెద్దవయసు రోగి అయితే తన జవాబును అక్కడికక్కడే సవరించుకుంటారు. డాక్టరుకు నచ్చే జవాబు ఏదై ఉంటుందో అంచనా వేసి అది చెబుతారు. కోర్టులో సాక్షి అయితే బెదురుతాడు, రెండోసారి నాలుగు మాటలు తక్కువో ఎక్కువో చెబుతాడు, ఆ తేడాను అవతలి న్యాయవాది పట్టుకుంటాడు. అంటే మీకు వినపడనిది ఒక్క మాటే అయినా, మీరు అడిగిన తీరు వల్ల జవాబు మొత్తం మారిపోవచ్చు. కాబట్టి ఆపడానికి మొహమాటపడనక్కర్లేదు గానీ, ఏమని ఆపుతున్నారో మాత్రం చాలా జాగ్రత్తగా చూసుకోవాలి.

హైదరాబాద్‌లో ఈ అవసరం రోజూ పడుతుంది. వేరే రాష్ట్రం నుంచి పీజీ చదవడానికి వచ్చిన డాక్టరుకు తెలుగు రాదు, జిల్లా నుంచి వచ్చిన రోగికి తెలుగు తప్ప మరొకటి రాదు. జార్ఖండ్ నుంచి భవన నిర్మాణ పనులకు వచ్చిన కార్మికుడు నాంపల్లిలోని క్రిమినల్ కోర్టులో సాక్ష్యం చెప్పాల్సి వస్తుంది, చెప్పింది ఇంగ్లీషులో నమోదవుతుంది. మధ్యలో ఉండే దుబాసీ ఊహించి నెట్టుకొస్తే ఆ సంగతి ఎవరికీ తెలియదు. అసలు ప్రమాదం అదే.

కూర్చోకముందే అనుమతి తీసుకోండి

ఆపడం మర్యాదగా కనిపించాలంటే ఆపుతారని ఇద్దరికీ ముందే తెలిసి ఉండాలి. మొదటి నిమిషంలోనే రెండు భాషల్లోనూ మూడు ముక్కలు చెప్పండి: “నేను దుబాసీని. ఇక్కడ మాట్లాడిన ప్రతి మాటా రెండో వైపు చెబుతాను. నాకు వినపడకపోయినా, అర్థం కాకపోయినా ఇలా చెయ్యెత్తి ఆపి అడుగుతాను, ఏమీ అనుకోవద్దు.” చెబుతూనే చెయ్యి ఎలా ఎత్తుతారో చూపించండి. అరచేతిని ఛాతీ ఎత్తులో తెరిచి ఉంచితే చాలు. వేలు చూపడం, బల్ల మీద తట్టడం వద్దు. డాక్టర్ కంప్యూటర్ వైపు చూస్తూ మాట్లాడుతుంటే మీ చెయ్యి కనబడదు కాబట్టి అక్కడ నోరు విప్పక తప్పదు.

చేతిలో చిన్న పుస్తకం, పెన్ను ఉండాలి. అందులో అంకెలు, పేర్లు, తేదీలు, మందుల పేర్లు మాత్రమే రాసుకోండి. మొత్తం వాక్యాలు రాయబోతే వినడం పోతుంది. కూర్చునే చోటు కూడా చూసుకోండి: మాట్లాడేవారి నోరు మీకు కనబడాలి. వార్డులో ఫ్యాను మోత, పక్క మంచం వాళ్ళ మాటలు, నోటికి మాస్కు ఉన్నప్పుడు సగం మాట పెదవులను చూసే అర్థమవుతుంది.

మీకు అందనిది ఏమిటో ముందు మీరు తేల్చుకోండి

ఆపే ముందు అర క్షణం మీలో మీరు ప్రశ్నించుకోండి: నాకు వినపడలేదా? వినపడింది గానీ ఆ మాట తెలియదా? తెలుసు గానీ దానికి రెండు అర్థాలు వస్తున్నాయా? ఈ మూడింటికీ అడగాల్సిన తీరు వేరు. చాలామంది మూడింటికీ ఒకే “మళ్ళీ చెప్పండి” వాడేస్తారు, అక్కడే గొడవ మొదలవుతుంది.

వినపడకపోతే ఆ ముక్క మాత్రమే మళ్ళీ అడగాలి, తప్పు మీ చెవి మీద వేసుకోవాలి. మాట తెలియకపోతే మళ్ళీ చెప్పించుకోవడం వల్ల లాభం లేదు, అదే మాట మరింత గట్టిగా వినిపిస్తుంది, అంతే. అప్పుడు “ఆ మాట నాకు తెలియదు, దాన్ని వేరే మాటల్లో చెప్పండి” అనాలి. రెండు అర్థాలు వస్తున్నప్పుడు మీరు ఏదో ఒకటి ఎంచుకోకూడదు. ఆ మాట రెండు రకాలుగా వస్తోందని అవతలి వారికి తెలియజేయాలి, తేల్చే పని వారికి వదలాలి. మీరు మాట్లాడుతున్న రెండో భాషలో కూడా అంతే విస్తారమైన మాట ఉంటే అసలు ఆపనే వద్దు. ‘కళ్ళు తిరుగుతున్నాయి’ అన్నదాన్ని హిందీలో ‘చక్కర్’ అని చెబితే సరిపోతుంది, అందులో ఉన్న అస్పష్టత అలాగే డాక్టరుకు చేరుతుంది. ప్రశ్న వేసి విడదీయడం డాక్టరు పని.

సిరంజీ గీతల దగ్గర ఏం జరుగుతుందో చూద్దాం

అరవై దాటిన తల్లి, షుగరు రోగి, కోడలితో వచ్చిందనుకుందాం. డాక్టరు హిందీ మనిషి. షుగరు అదుపులో లేదు. “ఇన్సులిన్ ఎంత తీసుకుంటున్నారు?” అని అడిగారు. మాస్కు వెనక నుంచి ఆమె చెప్పిన జవాబు మీకు ఇలా వినపడింది: “పొద్దున ...రవై గీతలు, రాత్రి పది.” ఇరవయ్యా, అరవయ్యా? మొదటి అక్షరం మాస్కులో ఉండిపోయింది.

ఇక్కడ తెలివైన దుబాసీకి ఒక ప్రలోభం కలుగుతుంది. మామూలుగా వాడే 40 యూనిట్ల సిరంజీ మీద గీతలు నలభైతో అయిపోతాయి కదా, అరవై ఎలా వస్తుంది, కాబట్టి ఇరవయ్యే అయి ఉండాలి అని. వాదన బాగానే ఉంది గానీ ఆమె చేతిలో 100 యూనిట్ల సిరంజీ ఉంటే అరవై కూడా వస్తుంది. లెక్కకట్టి సరిపెట్టడం దుబాసీ పని కాదు. ఆపండి.

ఆమె ఊపిరి తీసుకోగానే ఆమె వైపు అరచెయ్యి ఎత్తండి. ముందు డాక్టరుకు ఒక్క వాక్యం హిందీలో చెప్పండి: “డాక్టర్ గారు, మాస్కు వల్ల దుబాసీకి ఒక అంకె వినపడలేదు, ఆ అంకె మళ్ళీ అడుగుతున్నాను.” తరువాత ఆమెకు: “అమ్మా, నేను దుబాసీని. మీరు చెప్పింది బాగానే ఉంది, పొద్దున అంకె ఒక్కటి నా చెవికి సరిగా అందలేదు. ఆ అంకె మళ్ళీ చెబుతారా?” వరుస ఇలాగే ఉండాలి. రోగిని ముందు అడిగితే ఆమె వెంటనే జవాబు అందుకుంటుంది, మీరు ఇద్దరూ తెలుగులో ఏం మాట్లాడుకుంటున్నారో డాక్టరుకు తెలియక అనుమానం మొదలవుతుంది. దుబాసీ ఒక వైపు వారితో రెండు మూడు మాటలు విడిగా మాట్లాడితే చాలు, రెండో వైపు నమ్మకం పలచబడుతుంది.

ఆమె మాటలు చెప్పేటప్పుడు ‘నేను’ అంటే ఆమె. మీ సొంత మాట చెప్పేటప్పుడు మాత్రం ‘దుబాసీ’ అని చెప్పుకోవాలి. “నాకు వినపడలేదు” అని డాక్టరుతో అంటే, ఇన్సులిన్ వేసుకునే మనిషికి చెవుడు కూడా ఉందేమో అనుకుని ఆయన అదీ రాసుకోవచ్చు. నవ్వులాటగా అనిపిస్తుంది గానీ కేసు షీట్లో పడిన మాట తీసేయడం తేలిక కాదు.

అడిగేటప్పుడు “ఇరవయ్యా, అరవయ్యా?” అని మాత్రం అనకండి. భయపడిన మనిషి వినిపించిన రెండింట్లో ఒకటి అందుకుని తల ఊపేస్తుంది. అంకె ఆమె నోటి నుంచే రావాలి. రెండోసారి కూడా తేలకపోతే డాక్టరుకు చెప్పి మాస్కు ఒక్క క్షణం దించమనండి, లేదా “రెండు, సున్నా” అన్నట్టు ఒక్కో అంకె విడిగా చెప్పమనండి. రాయగలిగితే మీ పుస్తకం ఇవ్వండి.

“ఇరవై గీతలమ్మా” అంది ఆమె. వెంటనే పక్కనుంచి కోడలు, “ఇరవై యూనిట్లు సార్” అని అందించింది. ఇప్పుడు రెండో చిక్కు వచ్చింది. కోడలి మాటను అత్తగారి మాటలో కలిపేయకూడదు. అత్తగారి మాట అత్తగారిదిగా, ‘గీతలు’ అనే చెప్పండి. తరువాత “కోడలు అంటున్నారు: ఇరవై యూనిట్లు” అని విడిగా చెప్పండి. ఆపై ఒక్క వాక్యం చేర్చండి: “దుబాసీ మాట: రోగి అన్నది గీతలు, యూనిట్లు అనలేదు. ఏ సిరంజీ గీతలో దుబాసీకి తెలియదు.” ఇక్కడ మీరు ప్రశ్న వేయలేదు, ఎవరినీ ఆపలేదు, డాక్టరు అడగాల్సిన చోటు చూపించారు.

డాక్టర్ అడిగారు: “మీ సిరంజీ మూత ఏ రంగు?” నారింజ రంగు అందామె. మన దేశంలో సీసా ఇన్సులిన్ ఎక్కువగా ఒక మిల్లీలీటరుకు 40 యూనిట్ల బలంతో దొరుకుతుంది, దానికి ఎర్ర మూత సిరంజీ. నారింజ మూతది 100 యూనిట్ల బలం ఉన్న ఇన్సులిన్ కోసం. ఆమె ఇంట్లో ఉన్నది 40 సీసా, కొన్నది 100 సిరంజీ. అందులో 20 అంకె దాకా తీసుకుంటే లోపలికి వచ్చేది 0.2 మిల్లీలీటర్లు, అంటే ఒంట్లోకి పోతున్నది 8 యూనిట్లు మాత్రమే. మీరు ‘ఇరవై యూనిట్లు’ అని నున్నగా చెప్పేసి ఉంటే ఏమయ్యేదో చూడండి. ఇరవైకి కూడా షుగరు తగ్గలేదని డాక్టరు మోతాదు పెంచేవారు. వార్డులో చేరిస్తే నర్సు సరైన సిరంజీతో నిజంగానే ఇరవై ఇచ్చేది. ఆమె ఒంటికి అలవాటైనదానికి అది రెండున్నర రెట్లు, రాత్రికి షుగరు పడిపోయే ప్రమాదం ఉంది. సీసా, సిరంజీ తారుమారై 100 బలం ఇన్సులిన్‌ను ఎర్ర మూత సిరంజీలో తీసుకుంటే ఇంకా ఘోరం, 20 గీత దాకా లాగితే 50 యూనిట్లు వస్తాయి.

ఈ కథలో దుబాసీకి సిరంజీల గురించి తెలియాల్సిన అవసరం లేదు. గీతలు గీతలుగానే దాటించాడు, అంతే.

డాక్టరును ఆపాల్సి వచ్చినప్పుడు

డాక్టరును ఆపడానికే కొత్తవారు ఎక్కువ జంకుతారు. నిజానికి అది తేలిక, ఎందుకంటే డాక్టరు భయపడి జవాబు మార్చరు. చిక్కంతా మందుల పేర్లలో, పొట్టి అక్షరాల్లో ఉంటుంది. ‘ఓడీ’ అంటే రోజుకు ఒకసారి, ‘బీడీ’ అంటే రెండుసార్లు. వేగంగా అంటే రెండూ ఒకేలా వినిపిస్తాయి, ఆ బీడీని యథాతథంగా చెబితే పెద్దాయనకు పొగ తాగమన్నట్టే ఉంటుంది. సందేహం ఉంటే “దుబాసీ మనవి: ఆ మాత్ర రోజుకు ఎన్నిసార్లో మళ్ళీ చెబుతారా?” అని అడగండి. అడిగిన సంగతి రోగికి కూడా తెలుగులో చెప్పండి: “మాత్ర ఎన్నిసార్లు వేసుకోవాలో మళ్ళీ అడుగుతున్నానమ్మా.” మందు పేరు అందకపోతే చీటీ మీద చూపించమనండి, చెవితో కుస్తీ పట్టకండి.

ఇక ఎప్పుడు ఆపకూడదు? రోగి ఏడుస్తూ ఇంట్లో తనను ఎవరు కొట్టారో చెబుతున్నప్పుడు, లేదా ఎన్నడూ నోరు విప్పని సంగతి విప్పుతున్నప్పుడు, వాక్యం తెగనివ్వకండి. ఆ ధార ఒకసారి తెగితే మళ్ళీ రాదు. అందని మాట పక్కన చిన్న గుర్తు పెట్టుకుని ఆమె ఆగాక అడగండి. అంకె, పేరు, తేదీ అయితే మాత్రం ఆలస్యం చేయవద్దు. నాలుగు వాక్యాలు గడిచాక “మీరు ఇందాక ఏదో తేదీ అన్నారు” అంటే ఆవిడకే గుర్తుండదు.

కోర్టులో నేరుగా సాక్షిని అడగకండి

ఆస్పత్రిలో రోగిని నేరుగా అడగవచ్చు, కోర్టులో అలా కాదు. న్యాయమూర్తితో చెప్పి, అనుమతి వచ్చాకే సాక్షి వైపు తిరగాలి. దుబాసీ ప్రమాణం చేసి నిలబడతాడు, 1969 నాటి ప్రమాణాల చట్టంలో సాక్షులతో పాటు దుబాసీలకూ ప్రమాణం ఉంది. క్రిమినల్ కేసుల విచారణ ఎలా సాగాలో చెప్పే భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 317వ సెక్షన్ దుబాసీ నిజమైన అనువాదమే చెప్పాలని కట్టడి చేస్తుంది. వినపడనిదాన్ని ఊహతో పూరించడం ఆ ప్రమాణానికి అడ్డం తగులుతుంది. అందుకని ఆపడానికి సిగ్గుపడాల్సిన చోటు కాదది.

ఒక దాడి కేసు తీసుకుందాం. సాక్షి హిందీ మాట్లాడే కార్మికుడు. ప్రాసిక్యూటర్ “ఆ తరువాత ఏం జరిగింది?” అని అడిగితే, “ఫిర్ ఉన్హోంనే మారా” అన్నాడు. హిందీలో ఈ మాటకు ‘వాళ్ళు కొట్టారు’ అని అర్థం వస్తుంది, గౌరవంగా ‘ఆయన కొట్టారు’ అని కూడా వస్తుంది. క్రియను చూసి తేల్చుకుందామన్నా కుదరదు, కొట్టింది ఒకరైనా పదిమందైనా అది మారదు. తెలుగులో అయితే ‘వారు’ అని ఇబ్బంది తప్పించుకోవచ్చు. కానీ న్యాయమూర్తి స్టెనోకు చెప్పి రాయించేది ఇంగ్లీషులో. అక్కడ ఒకరో పలువురో ఎంచుకోక తప్పదు. కొట్టినవాడు తన మేస్త్రీ అయితే సాక్షి అలవాటు కొద్దీ గౌరవంగా అన్నాడేమో, లేక నిజంగా గుంపు వచ్చిందేమో. ఐదుగురు లేదా అంతకు మించి ఉంటే చట్టవిరుద్ధ సమావేశం అనే ప్రశ్న వస్తుంది, కేసు రూపమే మారిపోతుంది.

మీరు చేయాల్సింది ఇది. సాక్షి వాక్యం ముగియగానే లేచి, న్యాయమూర్తి వైపు తిరిగి, ఎవరికైనా వినపడేంత గొంతుతో చెప్పండి: “యువర్ ఆనర్, దుబాసీ మనవి. సాక్షి వాడిన మాట గౌరవంగా ఒక వ్యక్తికీ వర్తిస్తుంది, పలువురికీ వర్తిస్తుంది. వాక్యాన్ని బట్టి దుబాసీ తేల్చలేడు. స్పష్టం చేసుకోవడానికి అనుమతి కోరుతున్నాను.” ఇందులో ‘నాకు అనిపించేది ఇది’ అనే మాట లేదు, రెండు అర్థాల్లో దేనికీ మొగ్గు లేదు. మీరు ఇంగ్లీషులో మనవి చేస్తే సాక్షికి కూడా ఆపిన కారణం హిందీలో ఒక ముక్క చెప్పండి. లేకపోతే తన మాటకే ఆక్షేపణ వచ్చిందనుకుని బిగుసుకుపోతాడు.

చాలాసార్లు న్యాయమూర్తి “ప్రాసిక్యూటర్ గారే అడుగుతారు” అంటారు. అది మంచి దారి, తగువు మీ మీదికి రాదు. ఆయన “ఎవరు కొట్టారు?” అని అడిగితే దాన్ని అలాగే దాటించండి. మిమ్మల్నే అడగమంటే కూడా “ఎవరెవరు కొట్టారో చెప్పండి” అనకండి, అందులోనే పలువురన్న సూచన ఉంది. “మీరు ఇప్పుడన్న ‘ఉన్హోంనే’ ఎవరి గురించి?” అని అడగండి, సంఖ్య అతనే చెబుతాడు.

హైదరాబాద్ కోర్టు హాల్లో ఒక ప్రత్యేకమైన తలనొప్పి ఉంది. హిందీ అందరికీ సగం సగం వచ్చు. మీరు మనవి చేస్తుండగానే ఒక న్యాయవాది “వాళ్ళు అనే కదా అన్నాడు, ఇందులో సందేహం ఏముంది” అంటారు, రెండో న్యాయవాది “కాదు, ఆయన అన్నాడు” అంటారు. వారితో వాదనకు దిగవద్దు. “దుబాసీ తన మనవికే కట్టుబడి ఉన్నాడు” అని న్యాయమూర్తికి చెప్పి ఊరుకోండి. మీకు ప్రమాణం ఉంది, వారికి పక్షం ఉంది.

క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఇంకో జాగ్రత్త అవసరం. న్యాయవాది ప్రశ్న చిక్కుముడిలా ఉంటే దాన్ని విప్పి సరళం చేసి సాక్షికి అందించకండి. ఆ చిక్కు ఆయన కావాలని వేసిందే కావచ్చు. ప్రశ్నలో మొదటి సగం పట్టి రెండో సగం జారిపోతే, “ప్రశ్న మళ్ళీ చెప్పమని దుబాసీ కోరుతున్నాడు” అని న్యాయమూర్తి ద్వారా అడగండి. సాక్షికే అర్థం కాకపోతే అది మీ సమస్య కాదు. సాక్షి “అర్థం కాలేదు” అంటే ఆ రెండు మాటలే జవాబుగా చెప్పండి. సాక్షి ముఖం చూసి మీరే జాలిపడి “సాక్షికి ప్రశ్న అర్థం కావట్లేదు” అని లేస్తే, దుబాసీ సాక్షికి సాయం చేస్తున్నాడనే ఆక్షేపణ వస్తుంది, అది సబబే కూడా.

ఆపనివ్వకపోతే

న్యాయమూర్తికి తొందర ఉండి “ముందుకు పదండి” అనవచ్చు. అప్పుడు సందేహాన్ని మింగకుండా దానితో కలిపే మాట చెప్పండి: “సాక్షి ‘ఉన్హోంనే’ అన్నాడు, ఒకరు లేదా పలువురు, కొట్టారు.” అది రాయించుకోవాలో లేదో కోర్టు ఇష్టం. మీ పుస్తకంలో ఆ మాట, ఆ ప్రశ్న గుర్తు పెట్టుకోండి, ఎందుకంటే ఇంకో అవకాశం వస్తుంది. సాక్ష్యం పూర్తయ్యాక దాన్ని సాక్షికి చదివి వినిపించాలని సంహిత 313వ సెక్షన్ చెబుతుంది. సాక్ష్యం నమోదైన భాష సాక్షికి రాకపోతే అతనికి అర్థమయ్యే భాషలో వివరించాలి. ఆ వివరించేది మీరే. అక్కడ ‘వాళ్ళు కొట్టారు’ అని రాసి ఉంటే, ఈసారి ‘ఉన్హోంనే’ అనకుండా పలువురని స్పష్టంగా వినపడే హిందీలో చెప్పండి. సాక్షి “కాదు, ఒక్కడే” అంటే ఆ మాట న్యాయమూర్తికి దాటించండి. న్యాయమూర్తి దిద్దవచ్చు, దిద్దకుండా సాక్షి అభ్యంతరాన్ని నోట్ చేసి తన వ్యాఖ్య రాయనూ వచ్చు. ఈ చదివి వినిపించే పని చాలాసార్లు భోజన విరామానికి ముందు గబగబా జరిగిపోతుంది. ఆ సమయంలో కాగితం మీ చేతికి ఇచ్చి “అంతా సరే అని చెప్పమనండి” అని గుమాస్తా అన్నా, కూర్చుని మొదటి వాక్యం నుంచి చదవండి.